వేడినీళ్లకు ఏ పైపు, చల్లనీళ్లకు ఏ పైపు? తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతిల్లు కట్టుకునేవాళ్లు బాత్రూం గోడలకు గాడులు కొట్టే సమయానికి అడిగే ప్రశ్నలివి. జవాబులన్నీ మన దగ్గర మామూలుగా కట్టే ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే. అంటే ఒకటో రెండో అంతస్తులు, డాబా మీద ట్యాంకు, బాత్రూంలో గీజర్, కొన్ని ఇళ్లలో డాబా మీద సోలార్ హీటర్.

ముందు ఒక్క ముక్కలో చెప్పండి, ఏది ఎక్కడ వాడాలి?

వేడినీళ్లు వెళ్లే అవకాశం ఉన్న ప్రతి లైనుకూ సీపీవీసీ. వేడినీళ్లు ఎప్పటికీ రాని లైనుకు, అంటే సంపు నుంచి ట్యాంకుకి ఎక్కే లైను, తోట కొళాయి లాంటి వాటికి యూపీవీసీ. సోలార్ ట్యాంకు నుంచి బయటకొచ్చే మొదటి రెండు మీటర్లు మాత్రం ప్లాస్టిక్ ఏదీ వద్దు, జీఐ గానీ స్టీలు గానీ పెట్టండి. పీపీఆర్ కూడా మంచి పైపే, కాకపోతే వెల్డింగ్ చేసే మనిషి మంచివాడు దొరకాలి.

చాలామంది "అవకాశం ఉన్న" అన్న మాట దగ్గరే పొరబడతారు. రోజూ ఎంత వేడి నీళ్లు వాడతామన్నది కాదు, ఏదో ఒక రోజు ఏదో ఒకటి చెడిపోయి ఆ పైపులోకి గరిష్ఠంగా ఎంత వేడి రాగలదో చూడాలి.

పైపు తట్టుకునే ఉష్ణోగ్రత అంటే, అది దాటితే పగిలిపోతుందనా?

కాదు. ప్లాస్టిక్ పైపుకి వేడి, ప్రెషర్ రెండూ కలిపే లెక్క. వేడి పెరిగే కొద్దీ అది మోయగల ప్రెషర్ తగ్గుతూ పోతుంది.

ఎస్‌డీఆర్ అంటే పైపు బయటి వ్యాసం దాని గోడ మందానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె. ఇళ్లలో ఎక్కువగా వాడే ఎస్‌డీఆర్ 11 సీపీవీసీ పైపు 23 డిగ్రీల దగ్గర చదరపు సెంటీమీటరుకు సుమారు 28 కిలోల ప్రెషర్ మోస్తుంది. అదే పైపు 82 డిగ్రీల దగ్గర 7 కిలోలే మోస్తుంది. నాలుగో వంతుకు పడిపోయినట్టు. అయినా ఇంటికి అది చాలా ఎక్కువ. డాబా మీద ట్యాంకులో నీటి మట్టం కొళాయికి పది మీటర్ల పైన ఉంటే వచ్చేది ఒక కిలో ప్రెషరే. ప్రెషర్ పంపు పెట్టుకున్నా మామూలుగా రెండు మూడు కిలోలు దాటదు. కంపెనీలు సీపీవీసీకి చెప్పే పైహద్దు 93 డిగ్రీలు.

యూపీవీసీ సంగతి వేరు. 43 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే దాని బలం సగానికి తగ్గుతుంది. 60 దగ్గర ఐదో వంతే మిగులుతుంది, అక్కడితో దాని హద్దు అయిపోతుంది. ఐఎస్ 4985 కింద వచ్చే నీటి సరఫరా పైపుకైతే హద్దు ఇంకా కిందే, 45 డిగ్రీలు.

రెండింటికీ ఇంత తేడా రావడానికి కారణం క్లోరిన్. మామూలు పీవీసీలో బరువు ప్రకారం దాదాపు 57 శాతం క్లోరిన్ ఉంటుంది. సీపీవీసీలో దాన్ని 63 నుంచి 69 శాతం దాకా ఎక్కిస్తారు. దాంతో పైపు మెత్తబడే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. పరీక్షలో యూపీవీసీ 80 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడితే, సీపీవీసీ 110 దాకా గట్టిగా నిలబడాలి.

గీజర్ 55 దగ్గరే పెడతాం, మా ఇంట్లో ప్రెషర్ కూడా తక్కువే. యూపీవీసీ సరిపోదా?

లెక్క ప్రకారం ఐదో వంతు బలం మిగిలినా ఒక కిలో ప్రెషర్‌ను అది మోస్తుంది, నిజమే. పైపు ఠప్పున పగలకపోవడం వల్లే కొందరు ప్లంబర్లు "ఏం కాదండీ, మేం చాలా ఇళ్లకి వేశాం" అంటారు.

నష్టం మెల్లగా మొదలవుతుంది. వేడెక్కిన యూపీవీసీ రెండు క్లాంపుల మధ్య కిందికి వంగుతుంది. మర ఉన్న చోట, అంటే ఇత్తడి కొళాయి బిగించిన ప్లాస్టిక్ మరలు, వేడికి మెత్తబడి చల్లారి మళ్లీ మెత్తబడి, కొన్ని చలికాలాలకే పట్టు వదులుతాయి. అప్పుడు కనిపించే లీకుకి ఒక గుర్తు ఉంది. గీజర్ వేసినప్పుడు కారుతుంది, నీళ్లు చల్లారాక ఆగిపోతుంది. ప్లంబర్ మధ్యాహ్నం వచ్చి చూస్తే అంతా పొడిగా ఉంటుంది.

ఇంకొకటి, 55 అన్నది థర్మోస్టాట్ మాట వింటున్నంత కాలమే. స్టోరేజీ గీజర్లు చాలావరకు 75 దాకా పెట్టుకునేలా ఉంటాయి. ఇంట్లో ఎవరో ఒకరు చలికి నాబ్ చివరిదాకా తిప్పుతారు. థర్మోస్టాట్ ఇరుక్కుపోతే సేఫ్టీ కటౌట్ పడేలోపు నీళ్లు 90 దగ్గరికి పోవచ్చు. ఆ ఒక్క రోజు చాలు, గోడలోపలి యూపీవీసీ ఎల్బో రూపు మారడానికి.

గీజర్‌లోకి వెళ్లే చల్లనీళ్ల పైపు కూడా సీపీవీసీయే ఎందుకు వేయమంటారు? డబ్బు దండగ కదా?

అందరూ ఖర్చు తగ్గించుకోవాలనుకునేది ఇక్కడే. కానీ ఆ పైపులోకి కూడా వేడి వస్తుంది.

నీళ్లు వేడెక్కితే వాటి పరిమాణం పెరుగుతుంది. 25 లీటర్ల గీజర్ నిండా నీళ్లు 25 డిగ్రీల నుంచి 65కి చేరితే దాదాపు 400 మిల్లీలీటర్లు ఎక్కువవుతాయి. కొళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పుడు ఆ ఎక్కువైన నీళ్లకు పోయే దారి ఒకటే, వచ్చిన చల్లనీళ్ల పైపులోకే వెనక్కి. అరంగుళం సీపీవీసీ పైపు లోపల మీటరుకు 120 మిల్లీలీటర్లే పడతాయి. అంటే ఆ 400 మిల్లీలీటర్లు మూడు మీటర్లకు పైగా పైపుని నింపుతాయి. అవి గీజర్ అడుగు నుంచి వస్తాయి కాబట్టి పైన ఉన్న నీళ్లంత వేడిగా ఉండవు, దారిలో కొంత చల్లారతాయి కూడా. అయినా గీజర్ పక్కనే ఉన్న ఎల్బో, వాల్వు ఆ వేడిని రోజూ చూస్తాయి.

చల్లనీళ్ల పైపుకి నాన్ రిటర్న్ వాల్వు పెట్టి వెనక్కి రాకుండా ఆపొచ్చు. అప్పుడు మాత్రం గీజర్ దగ్గర ప్రెషర్ రిలీఫ్ వాల్వు తప్పకుండా ఉండాలి, పని చేస్తూ ఉండాలి. పెరిగిన నీళ్లు అక్కడి నుంచి బొట్లుగా కారతాయి. అది లీకు కాదు, వాల్వు చేయాల్సిన పనే. బాత్రూం తడుస్తోందని దానికి బిరడా కొట్టేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

వేడి చల్లనీళ్ల లైన్లోకి రావడానికి మరో దారి మిక్సర్. హ్యాండ్ షవర్‌ని దాని మీటతోనే ఆపి, మిక్సర్‌లో రెండు నాబులూ తెరిచి వదిలేస్తే వేడి, చల్లటి లైన్లు లోపల కలిసిపోతాయి. ఒకవైపు ప్రెషర్ ఎక్కువ ఉంటే నీళ్లు రెండోవైపుకి తోసుకుపోతాయి. వేడినీళ్ల లైనుకు మాత్రమే ప్రెషర్ పంపు పెట్టిన ఇళ్లలో ఫ్లష్ ట్యాంకులో గోరువెచ్చని నీళ్లు రావడం ఇందుకే.

అందుకని నా లెక్క ఇది. బాత్రూం, వంటగది గోడల్లో ఉన్నదంతా, వేడైనా చల్లనైనా, సీపీవీసీయే వేయండి. యూపీవీసీని డాబా మీద, షాఫ్టులో, సంపు దగ్గర మిగుల్చుకోండి. ఆదా అసలు అక్కడే ఉంది, ఎందుకంటే లావు పైపులన్నీ అక్కడే ఉంటాయి.

మరి ఎండాకాలం డాబా మీద యూపీవీసీ కూడా కాలిపోతుంది కదా?

మే నెలలో మధ్యాహ్నం కొళాయి తిప్పితే మొదటి బకెట్టు చేయి పెట్టలేనంత వేడిగా వస్తుంది. పైపులో కదలకుండా నిలిచిన నీళ్లవి. అయినా ట్యాంకు పక్కన ప్రెషర్ దాదాపు ఉండదు కాబట్టి యూపీవీసీ అక్కడ నెట్టుకొస్తుంది. వంగిపోకుండా క్లాంపులు దగ్గరదగ్గరగా వేయించండి. ఎండకి రంగు మారి పెళుసెక్కకుండా లేత రంగు వాటర్ బేస్ పెయింట్ ఒక కోటు వేయండి. ఇది సీపీవీసీకి కూడా వర్తిస్తుంది. ఆయిల్ పెయింట్ మాత్రం వద్దు, ఎందుకో కింద చెప్తాను.

సోలార్ హీటర్ ఉంది. ఇప్పుడు ఏం మారుతుంది?

చాలా మారుతుంది. గీజర్‌కి థర్మోస్టాట్ ఉంటుంది, సూర్యుడికి లేదు. గాజు ట్యూబుల సోలార్ హీటర్ ఉన్న ఇంటివాళ్లు ఎండాకాలం నాలుగు రోజులు ఊరెళ్తే, తిరిగొచ్చేసరికి ట్యాంకులో నీళ్లు మరిగే దశకి దగ్గరగా ఉండొచ్చు. అంటే సీపీవీసీ పైహద్దు 93 కూడా దాటొచ్చు. ఇబ్బంది అంతా చలికాలంలో వస్తుందనుకుంటారు గానీ, సోలార్ లైను పైపులకు గండం ఎండాకాలమే.

ఒక ఇల్లు తీసుకుని చూద్దాం. కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను, డాబా మీద 200 లీటర్ల ట్యూబుల సోలార్. అక్కడి నుంచి షాఫ్టు దాకా డాబా మీద పన్నెండు మీటర్లు.

సోలార్ ట్యాంకు వేడినీళ్ల అవుట్‌లెట్ నుంచి మొదటి రెండు మీటర్లు జీఐ వేసి, పైన ఇన్సులేషన్ తొడిగారనుకుందాం. మిగిలిన పది మీటర్లు ముప్పావు అంగుళం ఎస్‌డీఆర్ 11 సీపీవీసీ, దాని మీద కూడా ఇన్సులేషన్. ఇక్కడ ఎస్‌డీఆర్ 13.5 తీసుకోవద్దు. దాని గోడ పలచన, 82 డిగ్రీల దగ్గర అది మోసేది ఐదున్నర కిలోలే. ప్రెషర్‌కి అదీ చాలుతుంది గానీ, వేడికి నిలబడాల్సిన చోట మందం ఉండటమే మేలు.

తరవాత పైపు సాగడం. సీపీవీసీ ఒక్కో మీటరు ఒక్కో డిగ్రీకి 0.06 నుంచి 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. 30 డిగ్రీల దగ్గర బిగించిన పైపులో 80 డిగ్రీల నీళ్లు వస్తే తేడా 50 డిగ్రీలు. పది మీటర్లకు 30 నుంచి 35 మిల్లీమీటర్లు, అంటే అంగుళం పైమాటే. రెండు చివర్లూ గోడలో బిగిసి, మధ్యలో క్లాంపులు గట్టిగా పట్టేసి ఉంటే ఆ అంగుళం ఎక్కడికి పోతుంది? చివరి ఎల్బో మీద పడుతుంది. రోజుకో సాగుడు, రాత్రికో ముడుచుకోవడం. అందుకే పది మీటర్ల మధ్యలో యూ ఆకారంలో ఒక లూప్ పెట్టాలి. దాని కొలతలు కంపెనీ ఇచ్చే పట్టికలో పైపు సైజు ప్రకారం ఉంటాయి. క్లాంపులు పైపుని మోయాలి, పట్టి ఉంచకూడదు. అదే చోట పీపీఆర్ వేస్తే సాగుడు 75 మిల్లీమీటర్లు, జీఐ అయితే 6.

చల్లనీళ్లు సోలార్ ట్యాంకులోకి వెళ్లే పైపు కూడా దగ్గర్లో జీఐ లేదా సీపీవీసీయే ఉండాలి. దాన్ని ట్యాంకు మట్టం కన్నా కిందికి దింపి, మళ్లీ పైకి ఎక్కించి కలపాలి. అలా వంపు ఉంటే వేడి నీళ్లు తేలుతూ వెనక్కి పాకలేవు. ఆ వంపు లేని ఇళ్లలో, సోలార్‌కి నాలుగడుగుల దూరంలో యూపీవీసీ పైపు కిందికి వేలాడుతూ కనిపిస్తుంది.

ఇక వెంట్ పైపు. పైన ట్యాంకు నుంచి నీళ్లు దిగే మామూలు సోలార్‌కి ఆవిరి పోవడానికి నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. అది పైన నీళ్ల ట్యాంకు మట్టం కన్నా ఎత్తుకు లేవాలి, నోరు తెరిచే ఉండాలి. దానికి యూపీవీసీ ముక్క అతికించడం నేను చాలా చోట్ల చూశాను. ఆవిరి తగిలే చోట వేయకూడని పైపు అదే.

సొల్యూషన్ రెండింటికీ ఒకటే వాడొచ్చా?

వాడకూడదు. యూపీవీసీ సొల్యూషన్‌తో అతికించిన సీపీవీసీ జాయింట్ చల్లనీళ్లతో చేసే టెస్టులో పాసవుతుంది, ఇల్లు చేరి గీజర్ వేశాక వదులుతుంది. డబ్బా మీద సీపీవీసీ అని రాసుందో లేదో మీరే చూడండి. సీపీవీసీది మామూలుగా పసుపు లేదా నారింజ రంగులో ఉంటుంది కాబట్టి జాయింట్ అంచున ఆ రంగు గీత బయటికి కనిపిస్తుంది. గాడి పూడ్చేలోపు ఒకసారి తిరిగి చూస్తే మీకే తెలిసిపోతుంది. అతికించాక వేడినీళ్ల లైనుని ఒక రోజు కదపకుండా వదిలేయండి.

సీపీవీసీకి నూనె పడదు. ఆయిల్ పెయింట్, మరలకు పూసే కొన్ని రకాల పేస్టులు, చెదల మందు, కరెంటు వైర్ల మీది మెత్తని ప్లాస్టిక్ పొర, ఇవి తగిలిన చోట నెలల తరవాత వెంట్రుక లాంటి పగుళ్లు వస్తాయి. మరలకు టెఫ్లాన్ టేపు చాలు. ఇత్తడి మర ఉన్న ఫిట్టింగులనే తీసుకుని, చేతితో బిగిశాక రెంచితో కొద్దిగా తిప్పి వదిలేయండి.

పాత యూపీవీసీ ఫిట్టింగులో కొత్త సీపీవీసీ పైపు దూరడం లేదు. రెండూ అరంగుళమే కదా?

పేరు ఒకటే, కొలత వేరు. అరంగుళం సీపీవీసీ బయటి వ్యాసం 15.9 మిల్లీమీటర్లు, అరంగుళం యూపీవీసీది 21 పైచిలుకు. సొల్యూషన్ కూడా వేరే కాబట్టి రెండింటినీ ఎక్కడ కలపాల్సొచ్చినా మర ఉన్న ఫిట్టింగులతోనే కలపాలి. టేపు చుట్టి దూర్చే మేస్త్రీని ఆపేయండి.

పీపీఆర్ గురించి ఏమంటారు?

ఆకుపచ్చ రంగులో మందంగా కనిపించే పైపు ఇది. 70 డిగ్రీల దాకా ఏళ్ల తరబడి పని చేసేలా దీన్ని తయారు చేస్తారు, ఎప్పుడైనా కొద్ది గంటలు 95 వచ్చినా ఓర్చుకుంటుంది. నిత్యం 80 దాటే సోలార్ లైనుకు మాత్రం ఇది సరైనది కాదు.

దీనికి సొల్యూషన్ ఉండదు. పైపు, ఫిట్టింగు రెండింటినీ 260 డిగ్రీల మెషీన్ మీద కరిగించి అతికిస్తారు. 20 మిల్లీమీటర్ల పైపుకి ఐదు సెకన్లు, 25కి ఏడు సెకన్లు. బాగా చేస్తే జాయింట్ పైపుతో ఏకమైపోతుంది, లీకు అన్న మాటే ఉండదు. ఎక్కువ సేపు కరిగించి గట్టిగా తోస్తే కరిగిన ప్లాస్టిక్ లోపలికి ఉబ్బి దారి మూసేస్తుంది. బయటికి ఏమీ కనిపించదు, షవర్‌లో ధార మాత్రం సన్నగా వస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఒక జాయింట్ చేయించి, రంపంతో నిలువునా కోయించి చూడండి. లోపల సన్నని గుండ్రని అంచు ఉంటే పరవాలేదు, రంధ్రం సగం పూడుకుపోయి ఉంటే మనిషిని మార్చండి.

పీపీఆర్ సైజు బయటి వ్యాసంతో చెప్తారు, దాని గోడేమో మందంగా ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వేడినీళ్ల పైపు లోపలి దారి 13 మిల్లీమీటర్లే. అందుకే ముప్పావు అంగుళం సీపీవీసీ వేసేచోట కనీసం 25 తీసుకోవాలి.

పెక్స్, కాంపోజిట్ పైపులు?

పెక్స్ మెత్తగా వంగే పైపు, 82 డిగ్రీల దగ్గర కూడా సీపీవీసీ ఎస్‌డీఆర్ 11తో సమానంగా ప్రెషర్ మోస్తుంది. అమెరికాలో ఇళ్లకు విరివిగా వాడతారు, అక్కడుండే మనవాళ్లకు ఇది తెలిసిన పైపే. ఇక్కడ చిన్న ఊళ్లలో ఫిట్టింగులు, బిగించే పనిముట్లు దొరకడమే కష్టం. మధ్యలో అల్యూమినియం పొర ఉన్న కాంపోజిట్ పైపు చాలా తక్కువగా సాగుతుంది, అందుకే కొందరు సోలార్ వాళ్లు ఇష్టపడతారు. లోపలి పొర పెక్స్ అయితేనే వేడినీళ్లకు తీసుకోండి. ఇత్తడి బిగింపులు గోడ లోపల పూడ్చకండి.

షాపులో పైపు కొనేటప్పుడు ఏం చూడాలి?

రంగు చూసి కొనొద్దు, పైపు మీది రాత చదవండి. సీపీవీసీకి ఐఎస్ 15778, పీపీఆర్‌కి ఐఎస్ 15801, యూపీవీసీ నీటి పైపుకి ఐఎస్ 4985. సీపీవీసీ మీద దానితో పాటు ఎస్‌డీఆర్ 11 లేదా 13.5 అని, బీఐఎస్ లైసెన్స్ నంబరు కూడా ఉంటాయి. రాత ఒక చోటే ఉండదు, పైపు పొడవునా మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి కోసిన ముక్క మీద కూడా దొరుకుతుంది. ఫిట్టింగులు, సొల్యూషన్ కూడా పైపు కంపెనీవే తీసుకుంటే రేపు లీకు వస్తే ఒకరి మీద ఒకరు నెట్టుకునే అవకాశం తగ్గుతుంది.

గోడ పూడ్చే ముందు టెస్ట్ ఎలా చేయించాలి?

లైన్లో గాలి లేకుండా నీళ్లు నింపి, చేతి పంపుతో వాడుకలో ఉండే ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, మీటరు ముల్లు ఎక్కడుందో ఫోటో తీసుకోండి. గంట తరవాత ముల్లు అక్కడే ఉండాలి. టెస్ట్ సమయంలో గీజర్‌ని లైన్‌కి కలపొద్దు. కంప్రెసర్‌తో గాలి ఎక్కించి టెస్ట్ చేస్తామంటే ఒప్పుకోకండి, గాలి నిండిన పైపు పగిలితే ముక్కలు తూటాల్లా ఎగురుతాయి.

ఈ టెస్ట్ చల్లనీళ్లతో చేసేదే. వేడికి ఏ జాయింట్ వదులుతుందో ఇందులో బయటపడదు. కుదిరితే టైల్స్ వేసేలోపే ఒక గీజర్‌ని తాత్కాలికంగా తగిలించి, వేడినీళ్ల లైన్లో రెండు మూడు రోజులు ఉదయం, సాయంత్రం నీళ్లు తిప్పి చూడండి. మిక్సర్ వెనక ఇత్తడి ఫిట్టింగు చుట్టూ, గీజర్ కింది ఎల్బోల చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి పెడితే సన్నని చెమ్మ కూడా దాని మీద తెలుస్తుంది.